ఒకే చిప్, ఒకే కంపెనీ: స్టాక్ పెంచాలా, రెండో చిప్ సిద్ధం చేసుకోవాలా?

ఒక మామూలు కంట్రోల్ బోర్డు మీద యాభై అరవై రకాల విడిభాగాలు ఉంటాయి. వాటిలో చాలావాటికి సరఫరా బెంగ అక్కర్లేదు. ఒక కంపెనీ రెసిస్టర్ దొరక్కపోతే అదే సైజు, అదే విలువ ఉన్న ఇంకో కంపెనీ రెసిస్టర్ తెచ్చి వేస్తాం, బోర్డు మామూలుగానే పనిచేస్తుంది. మధ్యలో ఉండి బోర్డు మొత్తాన్ని నడిపే చిప్, మైక్రోకంట్రోలర్ సంగతి అలా కాదు. దాన్ని చేసేది ఒకే కంపెనీ. మన ఫర్మ్‌వేర్, అంటే ఆ చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్, రాసింది దానికోసమే, బోర్డు మీద ట్రాకులు గీసింది దాని పిన్‌లను చూసే. అది రాకపోతే మిగతా యాభై తొమ్మిది రకాలూ అల్మరాలో ఉన్నా ఒక్క బోర్డు కూడా బయటికి వెళ్లదు.

చిన్న అసెంబ్లీ యూనిట్ నడిపేవాళ్లకు ఈ విషయంలో దొరికే సలహాలు ప్రధానంగా నాలుగు. ఎక్కువ స్టాక్ పెట్టుకోమంటారు. రెండో చిప్ సిద్ధం చేసుకోమంటారు. డిస్ట్రిబ్యూటర్‌తో ఒప్పందం చేసుకుని అతని దగ్గరే నిల్వ ఉంచమంటారు. అవసరమైతే తయారీ కంపెనీతో సంబంధం లేని బ్రోకర్ దగ్గర కొనొచ్చులే అంటారు. నాలుగూ ఒకే సమస్యకు నాలుగు జవాబుల్లా వినిపిస్తాయి కానీ, ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. నా అభిప్రాయంలో వీటిని పోల్చడానికి సరైన కొలత వారాలు. డబ్బు లెక్క ఆ తర్వాత వస్తుంది.

రెండు అంకెలు ముందు రాసుకోండి

మొదటి అంకె: ఈ రోజు నుంచి ఒక్క చిప్ కూడా రాకపోతే మీ లైను ఎన్ని వారాలు నడుస్తుంది? వీటిని నిలబడే వారాలు అందాం. రెండోది: ఈ రోజే మొదలుపెడితే, ఆ చిప్ లేకుండా బోర్డు తయారు చేసి కస్టమర్‌కు పంపే స్థితికి ఎన్ని వారాల్లో చేరతారు? ఇవి తేరుకునే వారాలు. మొదటి అంకె రెండోదానికంటే చిన్నదైతే, ఆ తేడా ఎన్ని వారాలో అన్ని వారాలు లైను ఆగుతుంది.

ఒక యూనిట్‌ను ఊహించుకుని లెక్క చేద్దాం. వారానికి 100 బోర్డులు, బోర్డుకు ఒక మైక్రోకంట్రోలర్. చిప్ లీడ్ టైమ్, అంటే ఆర్డర్ పెట్టాక సరుకు చేతికి రావడానికి పట్టే సమయం, 16 వారాలు. కొత్త లాట్ వచ్చే ముందురోజు, అంటే స్టాక్ అన్నిటికంటే తక్కువగా ఉన్నప్పుడు, అల్మరాలో 600 చిప్‌లు ఉంటాయి. ఈ అంకెను సగటు స్టాక్‌తో లెక్కేయకండి. సరఫరా తెగిపోయేది ఎక్కువగా లాట్ రావాల్సిన సమయంలోనే, అప్పుడు మీ దగ్గర ఉండేది అడుగున మిగిలిందే. ఆర్డర్‌లో ఉన్న 1,200 చిప్‌లను కూడా కలపకండి. డిస్ట్రిబ్యూటర్ తేదీ ఖాయం చేసినా సరే, కొరత వచ్చినప్పుడు ముందు జరిగేది ఆ తేదీ వెనక్కి వెళ్లడమే. కాబట్టి నిలబడే వారాలు 6.

ఇప్పుడు తేరుకునే వారాలు. ముందస్తుగా ఏమీ చేసిపెట్టుకోలేదనుకుందాం. సరిపడే వేరే చిప్ ఏదో వెతికి ఖాయం చేయడానికి 2 వారాలు. సర్క్యూట్, లేఅవుట్ మార్చడానికి 3. కొత్త బోర్డు చేయించి కొన్ని నమూనాలు అతికించడానికి 3. ఈలోగా ఫర్మ్‌వేర్ మార్పు మొదలైనా, అసలు బోర్డు చేతికొచ్చాక దాని మీద పూర్తి చేయడానికి ఇంకో 4. విద్యుదయస్కాంత జోక్యం, ఉష్ణోగ్రత పరీక్షలకు 4. కస్టమర్ ఆ మార్పును ఒప్పుకుని సంతకం పెట్టడానికి 6. మొత్తం 22 వారాలు. రెండో చిప్‌ను ఖాయం చేసిన రోజే, అంటే రెండో వారం చివర్లో, ఆర్డర్ పెడితే దాని 16 వారాల లీడ్ టైమ్ 18వ వారానికి పూర్తవుతుంది కాబట్టి అది అదనంగా కలవదు.

ఆరు వారాలు నిలబడగలం, తేరుకోవడానికి ఇరవై రెండు కావాలి. అంటే 16 వారాలు లైను ఖాళీ. మీ అంకెలు వేరేగా ఉంటాయి. కానీ ముందేమీ చేసిపెట్టుకోని చిన్న యూనిట్‌కు రెండో అంకె 6 దగ్గరికి రావడం నేనైతే చూడలేదు.

స్టాక్: అది కొనేది సమయాన్నే

ఈ తేడాను పూర్తిగా స్టాక్‌తోనే పూడ్చాలంటే 22 వారాలకు 2,200 చిప్‌లు, అసెంబ్లీలో పాడయ్యేవాటికి ఒక శాతం కలిపితే సుమారు 2,220 ఉండాలి. ఉన్నవి 600 కాబట్టి అదనంగా 1,600 పైచిలుకు కొనాలి. స్టాక్‌లో గొప్ప సుగుణం ఏమిటంటే డిజైన్‌లో ఏదీ మార్చనక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పది నిమిషాల్లో ఆర్డర్ పెట్టొచ్చు. నాలుగు మార్గాల్లో ఇంత సులువైనది ఇంకొకటి లేదు.

దాని బలహీనత కూడా అక్కడే ఉంది. అల్మరా నిండుగా ఉంటే మనసు కుదుటపడుతుంది. డిస్ట్రిబ్యూటర్ తేదీ నాలుగు వారాలు వెనక్కి జరిపాడంటే, మన దగ్గర ఉన్నాయిగా అనుకుంటాం. ఇంకో ఆరు వారాలు జరిపితే, వచ్చే నెల సర్దుకుంటుందిలే అనుకుంటాం. నేను కొనుగోళ్లు చూసిన ఒక చోట సరిగ్గా ఇదే జరిగింది. ఐదు నెలల స్టాక్ ఉండేది. వేరే చిప్ వెతకడం మొదలుపెట్టేసరికి అందులో మిగిలింది ఐదు వారాలు. 22 వారాల స్టాక్ మనల్ని కాపాడేది, సరఫరా ఆగిన మొదటి వారంలోనే ప్రత్యామ్నాయం పని మొదలుపెడితేనే. పదహారో వారంలో మొదలుపెడితే అది ఆరు వారాల స్టాక్‌తో సమానం.

ఈ మొదలుపెట్టే తేదీ ఎంత విలువైనదో 2000 మార్చి 17న తేలిపోయింది. అమెరికాలోని ఆల్బకర్కీలో ఉన్న ఫిలిప్స్ చిప్ ఫ్యాక్టరీలో పిడుగు వల్ల నిప్పంటుకుంది. పది నిమిషాల్లో ఆర్పేశారు. కానీ పొగ, నీళ్లు క్లీన్‌రూమ్‌లోకి వెళ్లి తయారీలో ఉన్న చిప్‌లు పాడయ్యాయి. ఒక వారం ఆలస్యం అవుతుందని ఫిలిప్స్ తన కస్టమర్లైన ఫోన్ కంపెనీలు నోకియా, ఎరిక్సన్‌లకు ముందు చెప్పింది. నోకియా ఆ ఒక్క వారాన్ని కూడా తేలిగ్గా తీసుకోలేదు. ఆ చిప్‌లను ప్రత్యేకంగా గమనించే జాబితాలో పెట్టి, ఫిలిప్స్‌తో రోజూ మాట్లాడుతూ, మిగతా ఫ్యాక్టరీల నుంచీ వేరే తయారీదారుల నుంచీ చిప్‌లు తెప్పించుకుంది. ఎరిక్సన్ వేచి చూసింది. దానికి కావలసిన కొన్ని చిప్‌లకు వేరే తయారీదారు కూడా లేరు. తేరుకునేసరికి సుమారు 40 కోట్ల డాలర్ల అమ్మకాలు చేజారాయని అప్పట్లో లెక్కగట్టారు. రెండు కంపెనీలకూ కబురు అందింది దాదాపు ఒకేసారి.

అందుకే స్టాక్ మార్గం ఎంచుకుంటే దానితోపాటే ఒక నియమం రాసిపెట్టుకోవాలి. మన ఉదాహరణలో ఇలా ఉండొచ్చు: ఖాయం చేసిన తేదీ నాలుగు వారాలకు మించి ఒక్కసారి జరిగినా, లేదా కొత్త ఆర్డర్‌కు చెప్పే లీడ్ టైమ్ 16 నుంచి 24 దాటినా, అదే వారం రెండో చిప్ పని మొదలవ్వాలి. అప్పటికి స్టాక్ ఎంత ఉందన్నది ఈ నియమంలో రాకూడదు. తీరా చూస్తే కంగారు అనవసరమని తేలిందనుకోండి, నష్టం ఏమిటి? కొన్ని వారాల డిజైన్ పని. అది కూడా వృథా కాదు, వచ్చేసారికి పనికొస్తుంది.

నిల్వ విషయంలో ఒక సాంకేతిక జాగ్రత్త ఉంది. ఇలాంటి చిప్‌లలో చాలావరకు తేమను పీల్చే ప్లాస్టిక్ ప్యాకేజీలే. తేమ స్థాయి 3 అని లేబుల్ ఉంటే, సీలు తెరిచాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ మించని గదిలో 168 గంటల్లోపు సోల్డరింగ్ అయిపోవాలి. లేకపోతే సోల్డర్ కరిగించే రీఫ్లో ఓవెన్‌లో లోపలి తేమ ఆవిరై ప్యాకేజీ లోపల పొరలు విడిపోతాయి. అది బయటికి కనిపించకపోవచ్చు, కొన్ని నెలలకు బోర్డు ఫెయిలయ్యాక తెలుస్తుంది. అందుకే అదనపు స్టాక్‌ను కంపెనీ సీలులోనే ఉంచండి. పాతది ముందు వాడి కొత్తది లోపల పెట్టండి. ఏడాది దాటిన బ్యాగ్ తెరిచినప్పుడు లోపలి తేమ సూచిక కార్డు రంగు చూసి, మారి ఉంటే ముందు బేక్ చేసి, అంటే వేడిలో ఆరబెట్టి, తర్వాతే వాడండి.

రెండో చిప్: పిన్‌లు కుదిరితే సరిపోదు

రెండో మార్గం, అదే బోర్డు మీద రెండు కంపెనీల చిప్‌లలో ఏదైనా అతికించగలిగేలా ముందే సిద్ధం చేసుకోవడం. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ STM32F103C8T6 అనే మైక్రోకంట్రోలర్, దాని బదులు వాడే GD32F103C8T6. రెండూ 48 పిన్‌లవే, పిన్‌లు ఒకే వరుసలో ఉంటాయి. 2021 చిప్‌ల కొరతలో చాలామంది మొదటిది దొరక్క రెండోదానివైపు చూశారు.

చిప్ తీసి చిప్ పెడితే బోర్డు వెలుగుతుంది, చాలాసార్లు ప్రోగ్రామ్ కూడా నడుస్తుంది. చిక్కు అక్కడి నుంచే మొదలవుతుంది. మొదటి చిప్ 72 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచేటప్పుడు ఫ్లాష్ మెమరీ కోసం కొన్ని క్లాకులు ఆగుతుంది. రెండోదాంట్లో ప్రోగ్రామ్ వేగవంతమైన మెమరీ నుంచి నడుస్తుంది కాబట్టి ఆ ఆగడం ఉండదు. అదే క్లాక్ దగ్గర అదే కోడ్ త్వరగా పూర్తవుతుంది. వినడానికి మంచి విషయమే. కానీ ఫర్మ్‌వేర్‌లో ఎక్కడైనా ఖాళీ లూప్ తిప్పి ఆలస్యం చేయించి ఉంటే, ఆ ఆలస్యం ఇప్పుడు తగ్గిపోతుంది. సెన్సర్‌తో మాట్లాడే లైను అప్పుడప్పుడు తప్పుతుంది. బల్ల మీద బాగా పనిచేసి, చలిలో లేదా పొడవైన కేబుల్ మీద తప్పే బోర్డు ఇలాంటిదే. ఫ్లాష్‌లో రాసే సమయం, అనలాగ్ కొలతల కచ్చితత్వం, నిద్ర మోడ్‌లో తీసుకునే కరెంటు కూడా రెండు డేటాషీట్లూ పక్కపక్కన పెట్టుకుని చూడాల్సినవే.

కాబట్టి రెండో చిప్ సిద్ధంగా ఉంది అనాలంటే నాలుగూ పూర్తయి ఉండాలి: లేఅవుట్‌లో చోటు, రెండు చిప్‌ల మీదా నడిచే ఫర్మ్‌వేర్, పరీక్షల ఫలితాలు, కస్టమర్ ఒప్పుదల. ఒక్కటి తక్కువైనా దాని వారాలు తేరుకునే అంకెలో అలాగే ఉంటాయి.

అది మాత్రమే కాదు. ఈ నాలుగూ పూర్తిచేసి కూడా, రెండో చిప్‌ను ఎప్పుడూ కొనని యూనిట్ సరఫరా తెగిన రోజున మొదటి ఆర్డర్ పెడితే ఏమవుతుంది? 16 వారాల లీడ్ టైమ్. అంటే ఇంత కష్టపడి 22ను 16కు తెచ్చారంతే. కొరతలో అయితే ఆ 16 కూడా నిలవదు. మీరు వెతికిన ప్రత్యామ్నాయాన్నే మీలాంటి వందమంది వెతుకుతుంటారు, మీరు దానికి కొత్త కస్టమర్. 2021లో చాలా మైక్రోకంట్రోలర్ల లీడ్ టైమ్ ఏడాది దాటింది. సరుకు పంచాల్సి వచ్చినప్పుడు డిస్ట్రిబ్యూటర్ మొదట చూసేది ఎవరు ఎంతకాలంగా, ఎంత కొంటున్నారనే.

అందుకే రెండో చిప్ దారిలో వెళ్తే దాన్ని కాగితం మీద కాకుండా లైను మీద ఉంచాలి. మన యూనిట్ రెండు చిప్‌లనూ సగం సగం వాడుతోందనుకోండి. ఒకటి ఆగితే వారానికి 50 బోర్డుల లోటు. రెండోదాని ఆర్డర్ పెంచితే అదనపు సరుకు రావడానికి 16 వారాలు. లోటు 50 × 16 = 800 చిప్‌లు. బోర్డు ఏ చిప్‌నైనా తీసుకుంటుంది కాబట్టి రెండిటి స్టాక్ కలిపి 800 ఉంటే చాలు. ఇప్పుడున్న 600కు ఇంకో 200 కలపాలి. స్టాక్ మార్గంలో అదనంగా కావలసింది 1,600. ఈ 1,400 చిప్‌ల తేడాయే రెండో చిప్ సిద్ధం చేసుకోవడం వల్ల వచ్చే అసలు లాభం.

ఇందులో ఒక మెలిక. రెండు కంపెనీలు అంటే రెండు మూలాలు అని వెంటనే అనుకోకండి. సొంత ఫ్యాక్టరీ లేని కంపెనీలు, కొన్నిసార్లు ఉన్నవి కూడా, చిప్‌ను వేరే ఫౌండ్రీలో, అంటే ఇతరుల కోసం చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేయిస్తాయి. రెండు వేర్వేరు పేర్లున్న చిప్‌లు ఒకే ఫౌండ్రీలో, ఒకే ప్యాకేజింగ్ కేంద్రంలో తయారవుతుంటే ఒక్క అగ్నిప్రమాదం రెండిటినీ ఆపుతుంది. డిస్ట్రిబ్యూటర్‌ను రాతపూర్వకంగా అడగండి: సిలికాన్ ఎక్కడ తయారవుతుంది, ప్యాకేజింగ్ ఎక్కడ జరుగుతుంది? చిన్న కస్టమర్‌కు కూడా చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

డబ్బు లెక్క ఎటు మొగ్గుతుంది

చిప్ ధరను 1 అనుకుందాం. ఒక్కో బోర్డు అమ్మితే సరుకు ఖర్చు పోగా 10 మిగులుతుందనుకుందాం. లైను ఒక వారం ఆగితే 1,000 పోతుంది. స్టాక్ పట్టి ఉంచడానికి వడ్డీ, నిల్వ, పాతబడే నష్టం కలిపి ఏడాదికి 20 శాతం. రెండో చిప్ పూర్తిగా సిద్ధం చేయడానికి ఇంజనీర్ల సమయం, పరీక్షలు కలిపి 4,000.

స్టాక్ మార్గంలో అదనపు 1,600 చిప్‌ల మీద ఏడాదికి 320 ఖర్చు. ఆరు రోజుల వారంలో ఇది రెండు రోజులు లైను ఆగడంతో సమానం. రెండో చిప్ మార్గం మిగిల్చేది 1,400 చిప్‌ల నిల్వ ఖర్చు, అంటే ఏడాదికి 280. ఆ లెక్కన 4,000 తిరిగి రావడానికి పద్నాలుగేళ్లు పైనే. అప్పటికి ఆ ఉత్పత్తే ఉండకపోవచ్చు.

ఇప్పుడు చిప్ ధర 10 అనుకోండి, మిగతావన్నీ అలాగే. 1,400 చిప్‌లకు 14,000 ఇరుక్కుపోతుంది, ఏడాదికి 2,800 ఖర్చు. సిద్ధం చేసుకున్న ఖర్చు పదిహేడు నెలల్లో తిరిగి వచ్చేస్తుంది. పైగా చేతిలో ఆడే డబ్బు తక్కువగా ఉండే చిన్న యూనిట్‌కు ఆ 14,000 విడుదల కావడమే పెద్ద ఊరట.

చవకైన చిప్‌కు స్టాక్, ఖరీదైన చిప్‌కు రెండో మూలం. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారని గమనించాను. ఖరీదైన భాగమని భయపడి దాన్నే బస్తాలకొద్దీ కొంటారు, చవకది కదా ఎప్పుడైనా దొరుకుతుందని చిన్నదాన్ని వదిలేస్తారు. లైను ఆపడానికి చిప్ ఖరీదైనదే కానక్కర్లేదు. ఒక చిన్న పవర్ రెగ్యులేటర్ రాకపోయినా అవే 1,000 పోతాయి.

ఒకే చిప్‌ను మీ ఉత్పత్తులు అయిదారింటిలో వాడుతుంటే లెక్క ఇంకొంచెం మారుతుంది. స్టాక్ అన్నిటికీ ఉమ్మడిగా పనికొస్తుంది. రెండో చిప్ మాత్రం ప్రతి బోర్డుకూ, ప్రతి ఫర్మ్‌వేర్‌కూ విడిగా పరీక్షించాలి, 4,000 కాస్తా అన్ని రెట్లవుతుంది. అలాంటప్పుడు చిప్ ఖరీదైనదే అయినా, ఎక్కువ అమ్ముడయ్యే ఒకటి రెండు బోర్డులకే రెండో చిప్ సిద్ధం చేసి, కొరత వస్తే వాటిని దానిమీదకు మార్చి, మొదటి చిప్ స్టాక్‌ను మిగతావాటికి వదలడం మేలు.

మధ్య దారి, నేను ఎక్కువమందికి చెప్పేది

పూర్తి స్టాక్, పూర్తి సిద్ధత మధ్యలో చవకైన వారాలు కొన్ని ఉన్నాయి. 22 వారాల జాబితాను మళ్లీ చూడండి. చిప్ ఖాయం చేయడానికి 2 వారాలు పడుతుందన్నాం. దాన్ని ఈ నెలే చేసి, నమూనాలు యాభై కొని సీలు చేసి ఉంచితే ఆ రెండూ పోతాయి. కస్టమర్ ఒప్పుదలకు 6 వారాలన్నాం. ఆ ఆరులో ఎక్కువ భాగం ఏ పరీక్షలు చూపాలి, ఎవరు సంతకం చేయాలి అన్న ఉత్తరప్రత్యుత్తరాలే. సమస్య లేనప్పుడే కూర్చుని, "చిప్ మార్చాల్సి వస్తే ఈ పరీక్షల ఫలితాలు ఇస్తాం, రెండు వారాల్లో జవాబు ఇస్తారు" అని కాగితం మీద పెట్టుకుంటే 6 కాస్తా 2 అవుతుంది. దీనికి అయ్యేది రెండు మీటింగుల సమయం. టెన్షన్‌లో ఉన్నప్పుడు అడిగితే కస్టమర్‌కు కూడా అనుమానం వస్తుంది, అదే మామూలు రోజుల్లో అడిగితే మెచ్చుకుంటారు.

ఇప్పుడు తేరుకునే వారాలు 3+3+4+4+2, అంటే 16. చిప్ ముందే ఖాయమైంది కాబట్టి మొదటి రోజే ఆర్డర్ పెట్టొచ్చు, అది కూడా 16వ వారానికే వస్తుంది. కావలసిన స్టాక్ 2,220 నుంచి సుమారు 1,620కి దిగింది. ఆరు వందల చిప్‌లు దాదాపు ఉచితంగా తగ్గాయి. ఇక్కడి నుంచి ఒక్క ఫర్మ్‌వేర్ పనినే ముందుకు జరిపినా లాభం లేదు, ఎందుకంటే రెండో చిప్‌ల రాక కూడా 16 దగ్గరే ఆగి ఉంది. ఇంకా దించాలంటే సాంకేతిక పని, రెండో చిప్ స్టాక్ రెండూ కలిసి కదలాలి.

లేఅవుట్ విషయం ఒక్కటి వేరు. ఎలాగూ వేరే కారణానికి బోర్డు మార్చబోతున్నట్లయితే, రెండో చిప్‌కు చోటు అందులోనే పెట్టేయండి. పిన్‌లు తేడా వచ్చే చోట సున్నా ఓమ్ రెసిస్టర్లతో దారి మార్చొచ్చు. రెగ్యులేటర్ లాంటి చిన్న భాగాలకు రెండు ప్యాడ్ సెట్లు పక్కపక్కనే పెట్టొచ్చు. ఆ సమయంలో ఇది రెండు మూడు రోజుల అదనపు పని, విడిగా చేస్తే మూడు వారాలు.

డిస్ట్రిబ్యూటర్ దగ్గర నిల్వ

మీ పేరు మీద డిస్ట్రిబ్యూటర్ గోదాంలో సరుకు ఉంచి, వాడుకున్నప్పుడు డబ్బు కట్టే ఒప్పందం వినడానికి బాగుంటుంది. డబ్బు ఇరుక్కోదు, వారాలు పెరుగుతాయి. నిజంగా పెరిగాయా లేదా అన్నది ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది: ఆ సరుకును వేరే కస్టమర్‌కు ఇవ్వడానికి వీల్లేదని ఒప్పందంలో ఉందా? లేకపోతే ఆ చిప్‌లను మీ నిలబడే వారాల్లో కలపకండి. ఉంటే కలపండి, కానీ ఏడాదికి ఒకసారైనా లాట్ నంబర్లతో జాబితా అడిగి తెప్పించుకోండి. ఇలాంటి ఒప్పందాల్లో ఆర్డర్ రద్దు కాదు, సరుకు వెనక్కి తీసుకోరు అన్న షరతు సాధారణం. అంటే డబ్బు కట్టేది తర్వాతైనా బాధ్యత ఈ రోజు నుంచే మీది.

రెండో అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఖాతా తెరవడం కూడా మంచిదే, ఖర్చు లేదు. అది కాపాడేది డిస్ట్రిబ్యూటర్ తప్పుల నుంచి మాత్రమే. ఫ్యాక్టరీ ఆగితే ఇద్దరి దగ్గరా ఒకే జవాబు.

బ్రోకర్ మీద ఆధారపడే పథకం

బ్రోకర్ మార్కెట్‌ను పథకంలో భాగం చేసుకోవద్దు. తప్పనిసరై కొన్నప్పుడు ఏం చేయాలో మాత్రం తెలిసి ఉండాలి. కొరతలో ధర ఎన్నో రెట్లు పెరగడం ఒక ఎత్తయితే, పాత బోర్డుల నుంచి ఊడదీసినవి, పై అక్షరాలు గీకి మళ్లీ ముద్రించినవి రావడం ఇంకో ఎత్తు. ముందు మంచి లాట్‌లోని ఒక చిప్‌ను పక్కన పెట్టుకుని మైక్రోస్కోప్ కింద పోల్చండి. పైభాగం, అంచుల గరుకుదనం ఒకేలా లేకపోవడం, ఒకే ట్రేలో తయారీ సమయం చెప్పే డేట్ కోడ్‌లు కలిసిపోయి ఉండటం, కాళ్ల మీద పాత సోల్డర్ జాడలు ఉండటం అనుమానించాల్సిన గుర్తులు. అసిటోన్‌తో తుడిస్తే నల్ల పూత ఊడివస్తే వెంటనే పక్కన పెట్టేయండి. తుడిచినా ఏమీ ఊడలేదంటే అసలుదేనని మాత్రం కాదు. ఎక్స్‌రేలో లోపలి సిలికాన్ పరిమాణం, తీగల అమరిక అసలుదానితో సరిపోవాలి.

మైక్రోకంట్రోలర్ అయితే చిప్ లోపలి వివరాలు చదివే డీబగ్గర్ తగిలించి చూడటం ఇంకా సులువు. STM32F103 పేరుతో అమ్మిన నకలు చిప్‌ల మీద ఓపెన్ఓసీడీ అనే డీబగ్గర్ ప్రోగ్రామ్‌లో ఇలా కనిపించడం బాగా తెలిసిందే:

```
Warn : UNEXPECTED idcode: 0x2ba01477
Error: expected 1 of 1: 0x1ba01477
```

ఈ గుర్తింపు అంకె 0x1ba01477 కాకుండా వేరేగా వస్తే లాట్ మొత్తం వెనక్కి పంపండి. సరిగ్గా వస్తే మిగతా పరీక్షలు కొనసాగించండి, ఎందుకంటే ఊడదీసిన పాత చిప్ కూడా సరైన అంకెనే చూపిస్తుంది.

చిప్ తయారీయే ఆపేస్తే

ఇది మిగతావాటికంటే నెమ్మదిగా వచ్చే ప్రమాదం. పరిశ్రమలో పాటించే పద్ధతి ప్రకారం తయారీ ఆపేస్తున్నామన్న నోటీసు తర్వాత చివరి ఆర్డర్లకు ఆరు నెలలు, చివరి సరుకు పంపడానికి పన్నెండు నెలలు ఇస్తారు. నోటీసు మీదాకా చేరడమే ముఖ్యం. అది డిస్ట్రిబ్యూటర్ ద్వారా వస్తుంది, చాలాసార్లు కంపెనీ వదిలి వెళ్లిపోయిన ఉద్యోగి మెయిల్‌కు వెళ్తుంది. ఉమ్మడి మెయిల్ చిరునామా ఒకటి నమోదు చేయించండి.

తేరుకునే వారాలు 16 లేదా 22 అయితే ఆరు నెలల గడువులోనే కొత్త చిప్ మీదకు మారిపోవచ్చు. ఉత్పత్తి మిగిలిన ఆయుష్షు మొత్తానికీ కొనడం, ఆ ఆయుష్షు తక్కువగా ఉన్నప్పుడే నయం. మన యూనిట్ ఆ బోర్డును ఇంకో ఏడాదిన్నర మాత్రమే అమ్మబోతోందంటే 78 వారాలకు 7,800 చిప్‌లు, దానికి తోడు వారంటీ మరమ్మతులకు కొన్ని. చవకైన చిప్ అయినా ఇది సిద్ధం చేసుకునే 4,000 కంటే ఎక్కువే, కానీ ఆ డబ్బు బోర్డులు అమ్ముడవుతున్నకొద్దీ తిరిగి వస్తుంది, ఇంజనీర్ల సమయం కూడా కొత్త ఉత్పత్తికి మిగులుతుంది. మూడేళ్లు దాటి అమ్మేదుంటే నేను రీడిజైన్ వైపే ఉంటాను.

మన ఉదాహరణ యూనిట్‌కు చిప్ ధర 1 అయితే నేను చెప్పేది ఇది. ఈ నెలలో రెండో చిప్ ఖాయం చేసి యాభై నమూనాలు కొనండి, కస్టమర్‌తో మార్పు కాగితం రాయించుకోండి. తర్వాతి మూడు ఆర్డర్లలో కొంచెం కొంచెం పెంచుతూ అడుగు స్టాక్‌ను 600 నుంచి 1,620కి తీసుకెళ్లండి. నాలుగు వారాల నియమాన్ని కొనుగోళ్లు చూసే వ్యక్తి బల్ల ముందు అతికించండి, దాన్ని అమలు చేయడానికి యజమానిని అడగనక్కర్లేదని కూడా అందులోనే రాయండి. తర్వాతిసారి బోర్డు మార్చినప్పుడు లేఅవుట్‌లో రెండో చిప్‌కు చోటు పెట్టి, ఆ యాభై నమూనాలతో యాభై బోర్డులు అసలు లైను మీదే అతికించి, ఒక నెల నడిపి చూడండి. అప్పుడు వచ్చిన తప్పులను బట్టి తేరుకునే వారాలు మళ్లీ లెక్కవేసి, స్టాక్ అంకెను దానికి తగ్గట్టు మార్చండి.